చలి ముదరకముందే: స్కాన్‌లో ప్రోస్టేట్ పెరిగిందని తేలిన పెద్దాయన ఉన్న ఇంటికి

కార్తీకం దాటింది. మహేంద్రగిరి వైపు నుంచి దిగే చలికి పర్లాకిమిడిలో అప్పుడే దుప్పట్లు బయటికి వచ్చాయి. వార్డులో నర్సుగా పనిచేసినన్నాళ్లూ ఇప్పట్నుంచి సంక్రాంతి దాకా ఒకటే భయం ఉండేది. ఒంటేలు బిగిసిపోయి, పొత్తికడుపు పట్టుకుని రాత్రిపూట వచ్చే పెద్దవాళ్లను ఈ నెలల్లోనే ఎక్కువగా చూశాను. పోయినేడు మా పెద్దమావయ్యే అలా వచ్చాడు. ఆయనకి 72 ఏళ్లు.

అప్పటికి రెండు నెలల ముందే ఆయనకి స్కాన్ తీయించాం. ధార సన్నబడి మూడేళ్లయింది. మొదలవడానికి గోడ పట్టుకుని నిలబడాలి, అయిపోయిందనుకుని పంచె సర్దుకున్నాక కూడా చుక్కలు పడుతుంటాయి. డాక్టరుగారు ఒడియాలో ఎలా ఉందని అడిగితే సిగ్గుపడి ‘భలొ అఛి’, బాగానే ఉంది అనేశాడు. అందుకే కాగితం మీద రాసి తీసుకెళ్లమంటాను. కొలగీతలున్న ప్లాస్టిక్ మగ్గు ఒకటి ఇచ్చి, మూడు రోజులపాటు ఎన్నింటికి వెళ్లాడో, ఎంత వచ్చిందో రాయించండి. మావయ్య కాగితంలో 90, 120, 150 మిల్లీలీటర్లు, రోజుకి పద్నాలుగుసార్లు, అందులో రాత్రి నాలుగు అని ఉంది. అది చూశాక డాక్టరుగారు మరో ప్రశ్న అడగలేదు.

ఇక రిపోర్టు. సంచి కింద మూత్రం దారిని చుట్టుకుని ఉండే గ్రంథి ప్రోస్టేట్, అది 58 సీసీ అని ఉంది. మామూలుగా 20, 25 ఉంటుంది. ఇంట్లో అందరూ ఆ అంకె చూసే బెంగపడ్డారు గానీ, సైజు ఒక్కటే అసలు సంగతి చెప్పదు. 80 సీసీ ఉన్నా ధార బాగా వచ్చేవాళ్లున్నారు, 35కే మూసుకుపోయేవాళ్లున్నారు. చూడాల్సింది కింది రెండు వరుసలు. మూత్రసంచి గోడ మందం 7 మిల్లీమీటర్లు. సంచి నిండినప్పుడు అది 3 లోపు ఉండాలి. కాడి మోసి మోసి ఎద్దు మూపు కాయకట్టినట్టు, ఇరుకైన దారిలోంచి మూత్రాన్ని నెట్టి నెట్టి సంచి కండ మందమవుతుంది. కొన్నేళ్లు అలా నెట్టుకొస్తుంది, ఆ తర్వాత అలిసిపోతుంది. అలిసిందనడానికి గుర్తే మూడో వరుస, ఒంటికి వెళ్లొచ్చాక కూడా లోపల మిగిలిన మూత్రం.

ఆ మూడో వరుస అంకెను నమ్మే ముందు ఒక్కటి అడగండి. మావయ్యకి మొదటిసారి 240 మిల్లీలీటర్లు మిగిలిందని రాశారు. రెండు బాటిళ్ల నీళ్లు తాగించి, టోకెన్ పట్టుకుని గంటన్నర కూర్చోబెట్టారు. సంచి 600 దాటి ఉబ్బిపోయింది. అంత ఉబ్బిన సంచి ఆరోగ్యవంతుడికైనా పూర్తిగా ఖాళీ అవకపోవచ్చు. పైగా బయట జనం తలుపు కొడుతున్నారు. వారం తర్వాత మామూలుగా ఒంటికి వచ్చినప్పుడు వెళ్లి, తీరిగ్గా కానిచ్చి, వెంటనే తీయించుకుంటే 110 వచ్చింది. మందు ఈ అంకెను బట్టి రాశారు. గోడ మందం సంగతీ ఇంతే. ఖాళీ సంచిని కొలిస్తే మందంగానే కనబడుతుంది. ఒక్కచోట మాత్రమే దళసరిగా ఉందని రాసినా, మూత్రంలో ఎర్రగా కనబడినా అది వేరే దారి, ఆలస్యం చెయ్యకుండా యూరాలజిస్టు గొట్టం పెట్టి లోపల చూడాలి.

కిడ్నీల వరుస కూడా చదివించుకోండి. ఉద్దానం చుట్టరికాలున్న ఇళ్లకి మరీ మరీ చెబుతున్నాను. కవిటి, సోంపేట వైపు రక్తంలో కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్ పెరిగిందనగానే ‘ఊరి కిడ్నీ జబ్బే’ అనుకుని ఊరుకుంటారు. మూత్రం వెనక్కి తన్ని కిడ్నీలు ఉబ్బినా అది పెరుగుతుంది. ఇలా పెరిగినదాన్ని, ఆలస్యం కాకముందే అడ్డు తీస్తే చాలావరకు వెనక్కి తేవచ్చు. నొప్పేమీ లేకుండా నిద్రలో పక్క తడుస్తుంటే, పొత్తికడుపు ఎప్పుడూ గట్టిగా నిండుగా ఉంటే, అది వయసు అనుకోకండి. సంచి పొంగి కారుతోందన్న మాట.

ఇప్పుడు చలి సంగతి. మావయ్యకి డాక్టరుగారు టామ్సులోసిన్ 0.4 మిల్లీగ్రాములు రాశారు, రోజూ ఒకే వేళకి, భోజనం తర్వాత. ప్రోస్టేట్ దగ్గర, సంచి మెడ దగ్గర బిగుసుకునే కండని అది వదులు చేస్తుంది. ధార మెరుగుపడింది కూడా. పుష్యమాసంలో జలుబు చేసింది. మనవడు మందుల షాపుకి వెళ్లి ‘జలుబుకి ఒకటివ్వండి’ అని తెచ్చాడు. ఆ మాత్రలో ఫినైల్‌ఎఫ్రిన్, క్లోర్‌ఫెనిరమైన్ ఉన్నాయి. మొదటిది టామ్సులోసిన్ వదులు చేసిన కండనే మళ్లీ బిగిస్తుంది. రెండోది సంచి నెట్టే బలాన్ని తగ్గిస్తుంది. తలుపు బిగిసింది, తోసే చెయ్యి సడలింది. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి వేసుకుని టెక్కలిలో పెళ్లికి వెళ్లి, తిరిగొచ్చే బస్సులో రెండు గంటలు బిగపట్టుకున్నాడు.

రాత్రి పదకొండుకి చుక్కలే వచ్చాయి. వస్తుందేమోనని బార్లీ నీళ్లు తాగుతూ కూర్చున్నాడు. నన్ను పిలిచేసరికి మూడయింది. “ఏటోనమ్మా, పొద్దున్నకి అదే వచ్చెస్తాదనుకున్నాను” అన్నాడు. బొడ్డు కింద చెయ్యి వేస్తే బిందె బోర్లించినట్టు ఉంది. ఆసుపత్రిలో పైపు వేస్తే 1,050 మిల్లీలీటర్లు వచ్చింది.

కాబట్టి ఈ చలికాలం జలుబు మాత్ర కొనే ముందు, పాతపట్నంలో కొన్నా మన బజారులో కొన్నా, స్ట్రిప్ వెనక ఆ రెండు పేర్లూ వెతకండి. సూడోఎఫెడ్రిన్ కూడా వద్దు. ఒళ్లు వేడిగా ఉంటే ఉత్త పారాసిటమాల్, ముక్కు దిబ్బడకి ఆవిరి, ఉప్పునీటి చుక్కలు చాలు. కడుపునొప్పికి వేసే డైసైక్లోమిన్ కూడా సంచిని సడలించేదే, డాక్టరుకి చెప్పకుండా వెయ్యకండి. ఈ రోజుల్లోనే కంటి శుక్లాల క్యాంపులు పెడతారు. టామ్సులోసిన్ వాడుతున్నా, ఎప్పుడో వాడి మానేసినా ఆపరేషన్‌కి ముందే కంటి డాక్టరుకి చెప్పాలి. అది కనుపాప చుట్టూ ఉండే కండని సడలించి ఆపరేషన్ని కష్టం చేస్తుంది, ముందే తెలిస్తే వాళ్లు తగ్గట్టు చూసుకుంటారు.

రాత్రి లేవాల్సి వస్తుందని పగలు కూడా నీళ్లు మానేసేవాళ్లున్నారు. అది తప్పు, మిగిలిన మూత్రం చిక్కబడి చీము పడుతుంది. పడుకునే ముందు రెండు మూడు గంటలు మాత్రం తగ్గిస్తే చాలు. ఒంటికి కూర్చుని వెళ్లి, అయ్యాక లేచి నాలుగడుగులు వేసి, రెండు నిమిషాలాగి మళ్లీ ప్రయత్నిస్తే మిగిలింది కొంత వస్తుంది. మావయ్యకి రెండో విడతలో 60 దాకా వచ్చేది. విరేచనం గట్టిపడనివ్వకండి, నిండిన పేగు కూడా దారికి అడ్డమే. రాత్రి లేచేటప్పుడు మంచం అంచున కాసేపు కూర్చుని లేవమనండి. ఈ మందుకి బీపీ మాత్ర కూడా తోడైతే కళ్లు తిరుగుతాయి.

పొత్తికడుపు నిండి నొప్పిగా ఉన్నా చుక్క రాకపోతే నీళ్లు తాగించొద్దు, మూత్రం జారీ చేసే మాత్ర అసలే వద్దు. తెల్లారేదాకా ఆగకండి, పైపు వేసే వసతి ఉన్న దగ్గరి ఆసుపత్రికి వెళ్లండి. బరంపురం దాకా పోవాలని గంటలు వెచ్చించకండి, పెద్దాసుపత్రి సంగతి పైపు పడ్డాక చూసుకోవచ్చు. ఎంత వచ్చిందో చీటీ మీద రాయించుకోండి, తర్వాత చూసే డాక్టరుకి ఆ అంకె కావాలి. లీటరు పైన వచ్చినా, కిడ్నీలు ఉబ్బి ఉన్నా ఆ రోజు అక్కడే ఉంచమనండి. ఆ తర్వాత కొందరికి గంటగంటకీ విపరీతంగా మూత్రం పోయి బీపీ, ఉప్పు పడిపోతాయి.

మావయ్య పైపు మూడు రోజులకి తీశారు, టామ్సులోసిన్ ఆపకుండానే. తీశాక మొదటిసారి 180 వచ్చింది, స్కాన్‌లో 90 మిగిలింది. ప్రోస్టేట్ కోసం చేసే పీఎస్ఏ రక్తపరీక్ష ఆ వారమే చేయిద్దామని అబ్బాయి తొందరపడ్డాడు. పైపు వేశాక కొన్ని వారాలు అది ఊరికే ఎక్కువ చూపిస్తుందని ఆపి, ఆరు వారాలయ్యాక చేయించాం. మొన్న దీపావళికి మళ్లీ స్కాన్ తీయిస్తే గోడ 6, మిగిలింది 70. జలుబు మాత్రల పేర్లు రాసిన కాగితం ఆయన మందుల డబ్బా మూతకి లోపలివైపు అంటించి ఉంది.