కార్బిమజోల్ వాడేవాళ్లకు జ్వరం, గొంతునొప్పి వస్తే ఏం చేయాలి?

మన ఇళ్లలో 'థైరాయిడ్ మాత్ర' అని ఒకే పేరుతో పిలిచే మందుల్లో ఒకదానికొకటి పూర్తిగా ఎదురు పనిచేసేవి ఉన్నాయి. ఒక రకం హార్మోన్‌ను ఇస్తుంది, ఇంకో రకం హార్మోన్ తయారుకాకుండా ఆపుతుంది. కింద చెప్పే జాగ్రత్త రెండో రకానికే.

1. ముందు స్ట్రిప్ చూడండి

లెవోథైరాక్సిన్ అని ఉండి, మోతాదు 25, 50, 100 మైక్రోగ్రాముల్లో ఉంటే అది హార్మోనే. గ్రంథి చేయలేని పనిని మాత్ర చేస్తోందన్నమాట. దీన్ని పరగడుపున వేసుకోవాలి, కాల్షియం, ఐరన్ మాత్రలకు 4 గంటలు ఎడం ఇవ్వాలి. దీనివల్ల తెల్లరక్తకణాలు పడిపోవు కాబట్టి గొంతునొప్పి వచ్చిందని మానేయక్కర్లేదు.

కార్బిమజోల్ అని ఉండి, మోతాదు 5, 10, 20 మిల్లీగ్రాముల్లో ఉంటే అది హైపర్‌థైరాయిడ్ మందు. ఒంట్లోకి వెళ్లాక ఇది మెథిమజోల్‌గా మారుతుంది. హార్మోన్ తయారీలో అయోడిన్‌ను అతికించే థైరాయిడ్ పెరాక్సిడేజ్ అనే ఎంజైమ్‌ను అడ్డుకుంటుంది. కొత్త సరుకు ఆగిపోయినా గ్రంథిలో పాత నిల్వ ఉంటుంది కదా, అందుకే గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. 'పది రోజులైంది, గుండెదడ తగ్గలేదు' అని సొంతంగా డోసు పెంచేవాళ్లున్నారు. ఆ పని చేయకండి. దడకు డాక్టర్లు ఆలోగా ప్రొప్రనోలాల్ లాంటిది విడిగా ఇస్తారు.

2. మొదలుపెట్టే ముందే సీబీపీ అనే రక్తపరీక్ష చేయించి రిపోర్టు దాచుకోండి

హైపర్‌థైరాయిడ్‌కు ముఖ్య కారణమైన గ్రేవ్స్ జబ్బులో మందు వేయకముందే తెల్లకణాలు కాస్త తక్కువగా ఉండొచ్చు. పాత రిపోర్టు లేకపోతే, తగ్గుదల జబ్బుదా మందుదా అని తేల్చడం కష్టం.

3. జ్వరం వచ్చిన రోజు

ఈ మందు వాడే 1,000 మందిలో సుమారు 2 నుంచి 5 మందికి న్యూట్రోఫిల్స్ అనే తెల్లకణాలు దాదాపు లేకుండా పోతాయి. దీన్నే ఎగ్రాన్యులోసైటోసిస్ అంటారు. ఎక్కువగా మొదటి 3 నెలల్లో వస్తుంది. రక్తంలో న్యూట్రోఫిల్ బతికేది గంటల లెక్కలోనే కాబట్టి కౌంట్ చూస్తుండగానే పడిపోతుంది. పోయిన వారం రిపోర్టు బాగుందన్న ధీమా పనికిరాదు.

జ్వరం, గొంతునొప్పి, నోట్లో పుండ్లు, వీటిలో ఏది వచ్చినా తర్వాతి డోసు వేసుకోకండి. డాక్టరుకు ఫోన్ చేసి, ఆ రోజే సీబీపీ చేయించండి. ఆదివారమైతే ల్యాబ్ తెరిచి ఉన్న ఆసుపత్రికి వెళ్లండి. పారాసెటమాల్‌తో జ్వరం దిగుతుంది, కానీ కౌంట్ సంగతి తెలియదు. ఊళ్లో ఇంజెక్షన్ చేయించుకుని రెండు రోజులు చూద్దాం అనుకోవడమే ఇందులో పెద్ద పొరపాటు.

4. రిపోర్టులో చూడాల్సిన లెక్క

ఒక ఉదాహరణ చూద్దాం. 34 ఏళ్ల ఆవిడ ఆరు వారాలుగా రోజుకు 30 మిల్లీగ్రాముల కార్బిమజోల్ వేసుకుంటోంది. శనివారం సాయంత్రం 102 జ్వరం, మింగలేనంత గొంతునొప్పి. రిపోర్టులో మొత్తం తెల్లకణాలు 2,100, న్యూట్రోఫిల్స్ 12 శాతం. 2,100లో 12 శాతమంటే 252. మామూలుగా ఇది 1,500 పైన ఉండాలి. 500 కంటే తగ్గితే ఎగ్రాన్యులోసైటోసిస్. మొత్తం కౌంట్ ఒక్కటే చూస్తే 'కాస్త తక్కువ' అనిపిస్తుంది, అసలు సంగతి ఈ గుణకారంలోనే బయటపడుతుంది.

కౌంట్ బాగుంటే అది మామూలు గొంతునొప్పి కావచ్చు. మాత్ర మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో డాక్టర్ చెప్తారు. జ్వరం తగ్గకపోతే మాత్రం ఒకటి రెండు రోజుల్లో మళ్లీ కౌంట్ చూడాలి.

5. కౌంట్ పడిపోయి ఉంటే

వెంటనే అడ్మిట్ కావాలి. నరంలోకి యాంటీబయాటిక్స్ ఇస్తారు, కొందరికి ఎముక మజ్జను పురికొల్పే ఫిల్‌గ్రాస్టిమ్ ఇంజెక్షన్లు కూడా. మందు ఆపాక కౌంట్ సాధారణంగా ఒకటి రెండు వారాల్లో కోలుకుంటుంది.

ఆ తర్వాత కార్బిమజోల్ జన్మలో వాడకూడదు. అదే కుటుంబానికి చెందిన ప్రొపైల్‌థయోయురాసిల్‌కు మారడమూ సరికాదు, అదీ ఇదే పని చేయొచ్చు. ఈ రెండు పేర్లూ మెడికల్ ఫైల్ మొదటి పేజీలో రాసి పెట్టుకోండి. ఇక మిగిలేవి రేడియో అయోడిన్ లేదా ఆపరేషన్.

ఏడాదిన్నర వాడినా ఏమీ కాలేదు కదా అనేవాళ్లకు ఒక మాట. మధ్యలో మానేసి, జబ్బు తిరగబెట్టి మళ్లీ మొదలుపెడితే ఆ 3 నెలల జాగ్రత్త కూడా మళ్లీ మొదటి నుంచే.

మన ఉదాహరణలో ఆవిడకు కోలుకున్నాక రేడియో అయోడిన్ ఇచ్చారనుకోండి. కొన్ని నెలలకు గ్రంథి పనిచేయడం తగ్గి, లెవోథైరాక్సిన్ మొదలవుతుంది. ఇప్పుడు ఆవిడ స్ట్రిప్ మీద మైక్రోగ్రాములు ఉంటాయి. ఇంట్లో మిగిలిన కార్బిమజోల్ స్ట్రిప్‌లు మాత్రం ఆ రోజే తీసి పారేయాలి.