ప్రశ్నావళి జిరాక్స్‌కి ఇచ్చే ముందు జాగ్రత్తలు

ప్రాజెక్టు డ్వాక్రా సంఘాల మహిళల మీద అనుకుందాం.

☐ ఒక ప్రశ్నలో రెండు విషయాలు ఉన్నాయా? "సంఘంలో చేరాక మీ ఆదాయం, ఇంట్లో మీ మాటకు విలువ పెరిగాయా?" అని అడిగితే, ఆదాయం పెరిగి మాట మాత్రం చెల్లని ఆవిడ ఏం చెప్పాలి? "అవును" అన్నా అది దేనికో మీకు తెలియదు. రెండుగా విడగొట్టండి. "మాటకు విలువ" అన్నది మరీ గాలి మాట, "పోయినసారి తెచ్చిన లోన్ దేనికి వాడాలో ఎవరు నిర్ణయించారు?" అని అడిగి, నేను, భర్త, ఇద్దరం, వేరేవాళ్లు అని ఆప్షన్లు ఇవ్వండి.

☐ జవాబు ప్రశ్నలోనే ఉందా? "పెరిగిందా?" అన్నా మొగ్గు చూపినట్టే. "ఆదాయం పెరిగిందా, తగ్గిందా, అలాగే ఉందా?" అనండి.

☐ "ఎంతో మేలు చేసే" లాంటి విశేషణాలు కొట్టేయండి.

☐ చదివేటప్పుడు "కదా" చేర్చకండి. కాగితం మీద తటస్థంగా ఉన్న ప్రశ్న నోట్లో వంకర పోయేది ఇక్కడే.

☐ ముందు ఐదారుగురిని అడిగి చూడండి. "అది అవును గానీ ఇది కాదు" అన్నారంటే ఆ ప్రశ్నను ఇంకా విడగొట్టాలి.