ఖరీదైన విటమిన్ సి సీరమ్‌కు చవకది సాటి వస్తుందా? ఇలా తేల్చుకోండి

కడపలో నా ఫ్యాన్సీ షాపుకి వచ్చే ఆడపిల్లలు ఫోన్లో రెండు సీసాల ఫోటోలు పక్కపక్కన పెట్టి, "అక్కా, రెండింట్లోనూ విటమిన్ సి, విటమిన్ ఇ, ఫెరూలిక్ ఆసిడ్ ఉన్నాయి గదా, ఇంక అన్ని డబ్బులెందుకు పోయాల?" అంటారు. ప్రశ్న మంచిదే. సీసా ముందువైపు మాత్రమే చూసి జవాబు చెప్పేసుకోవడమే తప్పు. నయాసినమైడ్ సీరమ్ అయితే ఇంత తంటా లేదు. అది త్వరగా పాడవని పదార్థం, చవకది కళ్ళు మూసుకుని కొనొచ్చు. చిక్కంతా విటమిన్ సి తోనే.

ముందు ధరను మి.లీ. లెక్కలోకి తెచ్చుకోండి. ఉదాహరణకు 30 మి.లీ. సీసా 3,600 రూపాయలైతే మి.లీ.కి 120. 20 మి.లీ.ది 600 అయితే మి.లీ.కి 30. ఈ పని ఒక్క నిమిషం.

ఇప్పుడు సీసా తిప్పి పదార్థాల జాబితా చదవండి. జనం బోల్తా పడేది ఇక్కడే కాబట్టి నిదానంగా చూడాలి. 1 శాతం కంటే ఎక్కువ వేసిన పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరుసగా రాయాలన్నది రూలు. 1 శాతానికి లోపు ఉన్నవాటిని కంపెనీ తన ఇష్టమొచ్చిన వరుసలో రాసుకోవచ్చు. మరి ఆ 1 శాతం గీత ఎక్కడుందో ఎట్లా తెలుస్తుంది? ఫినాక్సీఎథనాల్ అనే ప్రిజర్వేటివ్ కోసం వెతకండి. దాన్ని 1 శాతానికి మించి వేయకూడదు. అందుకని జాబితాలో దాని తర్వాత కనిపించేదేదైనా 1 శాతమో అంతకు తక్కువో అనుకోండి.

ఒక చవక సీసా వెనక వరుస ఇట్లా ఉందనుకుందాం: నీరు, గ్లిజరిన్, నయాసినమైడ్, ఫినాక్సీఎథనాల్, ఆస్కార్బిక్ ఆసిడ్, టోకోఫెరాల్, ఫెరూలిక్ ఆసిడ్. ఆస్కార్బిక్ ఆసిడ్ అంటే విటమిన్ సి, టోకోఫెరాల్ అంటే విటమిన్ ఇ. మూడు పేర్లూ ఉన్నాయి, కానీ విటమిన్ సి గీత దాటి కిందికి పోయింది. ఇది పేరుకే విటమిన్ సి సీరమ్, పక్కన పెట్టేయండి. ఇంకోదానిలో నీరు, వెంటనే ఆస్కార్బిక్ ఆసిడ్, తర్వాత ప్రొపేన్‌డయాల్, ఫినాక్సీఎథనాల్, చివర్లో ఫెరూలిక్ ఆసిడ్ ఉన్నాయి. ఫెరూలిక్ చివర ఉందని దీన్ని తిట్టకండి. అమెరికాలోని డ్యూక్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2005లో పరీక్షించిన కలయికలోనే విటమిన్ సి 15 శాతం, ఇ 1 శాతం, ఫెరూలిక్ 0.5 శాతం. అది గీత కింద ఉండటమే సబబు. ఏ పదార్థం ఎంత మోతాదులో పనిచేస్తుందో తెలియకుండా వరుస ఒక్కటే చూస్తే, మంచి సీసాను పారేసి పనికిరానిదాన్ని తెచ్చుకుంటారు.

పేరు కూడా అక్షరం వదలకుండా చదవండి. ఉత్త ఆస్కార్బిక్ ఆసిడ్ వేరు, ఎథైల్ ఆస్కార్బిక్ ఆసిడ్ వేరు, సోడియం ఆస్కార్బిల్ ఫాస్ఫేట్ వేరు. తర్వాతి రెండూ చెడ్డవి కావు. త్వరగా పాడవవు, మంట తక్కువ. కానీ ఉత్త ఆస్కార్బిక్ ఆసిడ్ ఉన్న ఆ ఖరీదైన సీసాకు అవి బదులు కావు, అవి వేరే సరుకు.

వరుస కుదిరితే పీహెచ్, అంటే సీరమ్ ఎంత ఆమ్లంగా ఉందో చెప్పే అంకె, చూడండి. ల్యాబ్ సామాన్లు అమ్మే షాపులో పీహెచ్ స్ట్రిప్పులు దొరుకుతాయి. స్ట్రిప్పు మీద ఒక చుక్క వేసి, రంగును డబ్బా మీది రంగులతో పోల్చండి. ఉత్త ఆస్కార్బిక్ ఆసిడ్ చర్మంలోకి దిగాలంటే పీహెచ్ 3.5 లోపు ఉండాలని 2001లో ఆ డ్యూక్ పరిశోధకులే చూపించారు. 5 వస్తే ఎంత శాతం వేసినా దండగే. నీళ్ళు లేని సిలికోన్ సీరమ్‌కు ఈ పరీక్ష పనికిరాదు. చిక్కదనం, వాసన, జిగట పోల్చి "అచ్చం అదే" అని చెప్పే వీడియోలు ఎందుకు చూస్తారో నాకర్థం కాదు. అవన్నీ పై పూతలు, విటమిన్ సి ఎంతుందో, పనిచేస్తుందో వాటితో తెలియదు.

ఇంక సీసా సంగతి. పారదర్శకంగా ఉండే సీసా కొనొద్దంతే. ముదురు రంగు గాజో, గాలి లోపలికి పోని పంపో ఉండాలి. ఏప్రిల్, మేలో మన ఎండకు పార్శిల్ వ్యాన్ లోపల ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు, ఆ నెలల్లో ఆన్‌లైన్‌లో తెప్పించకండి. తెరవగానే రంగు లేకుండా తేటగానో లేత గడ్డి రంగులోనో ఉంటే సరే. టీ డికాక్షన్ రంగుకు తిరిగితే విటమిన్ సి ఆక్సీకరణం చెంది చెడిపోయినట్టే, వాపసు చేయండి. చిన్న సీసా కొని ఫ్రిజ్‌లో పెట్టి రెండు మూడు నెలల్లో ఖాళీ చేయాలి. ఈ విషయంలో 20 మి.లీ. చవకదే మేలు, 30 మి.లీ. అయ్యేలోపు సగం రంగు మారుతుంది.

చివరగా మోచేతి లోపల నాలుగైదు రోజులు రాసి, ఎర్రబడకపోతేనే ముఖానికి రాయండి. మచ్చల్లో తేడా తెలియడానికి మూడు నెలలన్నా పడుతుంది, అదీ రోజూ సన్‌స్క్రీన్ రాస్తేనే. మంగుకి ఇప్పటికే మందు వాడుతుంటే ముందు చర్మ డాక్టరుకు చూపించండి. పై ఉదాహరణలోని రెండో సీసా పీహెచ్ 3 చూపిస్తే, రంగు తేటగా ఉంటే, మి.లీ.కి 120 పెట్టాల్సిన పని లేదు.