స్టాలు నుంచి ఆర్డరు దాకా – పాఠం 4: కేటలాగు, ధరల పట్టిక అడిగినవారికి ఈమెయిలు

ప్రదర్శనలో మన స్టాలుకు వచ్చినవారు ఇచ్చిన విజిటింగ్ కార్డు వెనక, వారు అడిగింది రెండు ముక్కల్లో రాసి పెట్టుకోమని గత పాఠంలో చెప్పాను. ఈసారి వాటితోనే పని. ఒక కార్డు వెనక ఇలా ఉందనుకుందాం: "నీలం గుడ్డ సంచి, జిప్పు కావాలి, 2,000."

చాలామంది "మా స్టాలుకు వచ్చినందుకు ధన్యవాదాలు, కేటలాగు, ధరల పట్టిక జతచేశాం" అని రాసి ఊరుకుంటారు. అందులో తప్పేమీ లేదు. కానీ ప్రదర్శనలో పది స్టాళ్లు తిరిగిన మనిషికి పది స్టాళ్ల నుంచీ అదే ఉత్తరం వస్తుంది. ఆయనకు గుర్తుండేది మన కంపెనీ పేరు కాదు, చేతిలోకి తీసుకుని చూసిన సంచి. అందుకే ఇలా రాద్దాం:

"విషయం: జిప్పుతో నీలం గుడ్డ సంచి, 2,000 – ధర, కేటలాగు

నమస్కారం. మంగళవారం మా స్టాలులో నీలం గుడ్డ సంచి చూసి, జిప్పు పెట్టగలరా అని అడిగారు. పెట్టగలం. సంచి కేటలాగు 14వ పేజీలో ఉంది. జిప్పుతో 2,000 సంచులకు ధర, పట్టికలో పసుపు రంగు వేసిన వరుసలో ఉంది. జిప్పు నీలం రంగులోనే ఉండాలా, నలుపు ఫరవాలేదా? చెబితే నమూనా కుట్టి పంపుతాం."

చివరి ప్రశ్న చూడండి. ఒక్క మాటతో జవాబివ్వవచ్చు. "మీ అభిప్రాయం తెలియజేయగలరు" అంటే మాత్రం ఆయన కూర్చుని ఆలోచించాలి, అందుకే పక్కన పెట్టేస్తారు.

ఇక ధరల పట్టిక. ఎక్కువ తగాదాలు ఇక్కడే పుడతాయి. అంకె ఒక్కటే రాస్తే ధర చెప్పినట్టు కాదు. ఆ ధరలో రవాణా కలిసిందా, సరుకు ఎక్కడ అప్పగిస్తాం, కనీసం ఎన్ని తీసుకోవాలి, ఏ తేదీ వరకు చెల్లుతుంది అన్నవి పక్కనే ఉండాలి. సరుకు ఓడలో విదేశానికి వెళ్లేదైతే ఉత్త "ఎఫ్ఓబీ" చాలదు, ఏ రేవులో ఎక్కిస్తామో దాని పేరు కూడా రాయాలి. ఎఫ్ఓబీ అంటే ఆ రేవులో సరుకు ఓడ ఎక్కేవరకే ఖర్చు మనది, ఆపై ఓడ కిరాయి కొనేవారిది. చెల్లుబాటు తేదీ వేయకపోతే ఆరు నెలల తర్వాత, గుడ్డ ధర పెరిగాక, అదే పట్టిక చూపించి ఆర్డరు పెడతారు. నాకు ఒకసారి ఆ పాట్లు తప్పలేదు.

జతచేసే ఫైలు బరువూ చూసుకోండి. చాలా మెయిలు సర్వీసులు 20–25 ఎంబీ దాటితే తీసుకోవు, పైగా జతచేసిన ఫైలు ప్రయాణంలో మూడో వంతు ఉబ్బుతుంది. 20 ఎంబీ కేటలాగు తిరిగి వచ్చేది అందుకే. బొమ్మలు కుదించి 5 ఎంబీ లోపు పీడీఎఫ్ చేయండి. ధరల పట్టికను విడి ఫైలుగా పెట్టండి, ధర మారినప్పుడు అదొక్కటే మార్చి పంపవచ్చు.

ప్రదర్శన ముగిసిన రెండు రోజుల్లో ఇది వెళ్లిపోవాలి. కేటలాగు ఇంకా అచ్చులోనే ఉంటే దానికోసం ఆగకండి, 14వ పేజీ ఒక్కటే పంపినా సరిపోతుంది.

వారం గడిచినా జవాబు రాకపోతే ఏం రాయాలో 5వ పాఠంలో చూద్దాం. ఈలోగా మీ దగ్గరున్న ఒక కార్డు తీసి, దానికి విషయం వరుస, చివరి ప్రశ్న మాత్రం రాసి ఉంచండి.