వారం మెనూ కట్టడం నేర్చుకుందాం – 4వ పాఠం: మటన్, చికెన్, చేప.. ఏ రోజు ఏది?

గత పాఠంలో మీ బరువును బట్టి రోజుకు ఎంత ప్రొటీన్ కావాలో లెక్క కట్టుకున్నాం. పెద్దగా వ్యాయామం చేయని మనిషికి కిలో బరువుకు 0.83 గ్రాములు చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క. పరుగు, జిమ్, ఆటలు ఉన్నవారికి 1.2 నుంచి 2 గ్రాముల దాకా అవసరం అవుతుంది. ఈ పాఠంలో ఆ లెక్కను మాంసాహారం వండుకునే రోజుల మీద పరుద్దాం.

ముందుగా ఒక మాట. ప్రొటీన్ కోసమే అయితే ఈ మూడింట్లో ఏది తిన్నా పెద్ద తేడా లేదు. ఎముక, ముల్లు తీసేసిన పచ్చి మాంసం వంద గ్రాముల్లో చికెన్‌లో 20 నుంచి 23, మేక మాంసంలో 20, చేపలో 17 నుంచి 20 గ్రాముల ప్రొటీన్ ఉంటుంది. మూడూ మంచి నాణ్యత గల ప్రొటీనే. కాబట్టి "కండ కావాలంటే మటనే తినాలి" అనే మాటకు ఆధారం లేదు. తేడా అంతా మిగతా రెండు విషయాల్లో ఉంది. ఐరన్‌లో మటన్‌ది పైచేయి, గుండె విషయంలో చేపది. చికెన్‌ది ఆ రెంటిలోనూ పైచేయి కాదు. కానీ చౌకగా, కొవ్వు తక్కువగా ప్రొటీన్ ఇచ్చేది అదే. అందుకే మెనూ కట్టేటప్పుడు చేపకు, మటన్‌కు రోజులు ముందు కేటాయించి, మిగిలిన ఖాళీల్లో చికెన్ పెట్టాలి. మన ఇళ్లలో చాలావరకు దీనికి తలకిందులుగా జరుగుతుంది.

చేపకు రెండు రోజులు

గుండెకు మేలు చేసేవి చేప కొవ్వులోని ఒమేగా-3లు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ వారానికి రెండుసార్లు చేప తినమంటుంది. ఒక్కోసారికి వండిన చేప 85 గ్రాములు చాలు. అయితే ఒమేగా-3 అన్ని చేపల్లోనూ ఒకేలా ఉండదు. కవళ్లు, కానాగంతలు లాంటి నూనె చేపల్లో బాగా ఉంటుంది. చెరువుల్లో పెంచే రోహు, బొచ్చెల్లో చాలా తక్కువ. అవి ప్రొటీన్‌కు మంచివే, కానీ గుండె కోసమని తింటే ఆశించినంత ఫలితం రాదు. తీరంలో ఉన్నవారికి ఇందులో ఒక సౌకర్యం ఉంది. కవళ్లు మార్కెట్లో అన్నిటికన్నా చవగ్గా దొరికే చేపల్లో ఒకటి. వంజరం, చందువలతో పోలిస్తే ధర చాలా తక్కువ, ఒమేగా-3 మాత్రం వాటికేమీ తీసిపోదు.

వండే తీరు కూడా ముఖ్యం. పులుసు పెడితే చేపలోంచి కరిగిన నూనె పులుసులోనే ఉంటుంది, మనం దాన్నీ తింటాం. మూకుడు నిండా నూనె పోసి వేపితే చేప తన నూనె కొంత వదిలి బయటి నూనెను పీల్చుకుంటుంది. వేపుడు తినాలనిపిస్తే పెనం మీద రెండు చెంచాల నూనెతో కాల్చుకోండి. ఎండు చేపలను ఈ రెండు రోజుల్లో లెక్కించకండి. వాటిలో ఉప్పు ఎక్కువ కాబట్టి బీపీ ఉన్నవారికి అవి పడవు. సొర లాంటి పెద్ద వేట చేపల్లో పాదరసం పేరుకుంటుంది. గర్భిణులు, చిన్నపిల్లలు వాటిని మానడం మంచిది. కవళ్లు చిన్న చేపలు, వాటితో ఆ భయం లేదు.

మటన్‌కు ఒక రోజు, సరైన రోజు

వంద గ్రాముల పచ్చి మేక మాంసంలో ఐరన్ దాదాపు 2.8 మిల్లీగ్రాములు. చికెన్ తొడలో ఒక మిల్లీగ్రాముకు కాస్త తక్కువ, చికెన్ బ్రెస్ట్‌లో అంతకన్నా తక్కువ. బీఫ్ తినేవారు మటన్ లెక్కనే పాటించవచ్చు, రెండూ దగ్గరగానే ఉంటాయి.

ఇక్కడ చాలామంది ఒక లెక్క వేసుకోరు. పిల్లల్ని కనే వయసులో ఉన్న స్త్రీకి జాతీయ పోషకాహార సంస్థ చెప్పిన ఐరన్ రోజుకు 29 మిల్లీగ్రాములు, మగవారికి 19. 120 గ్రాముల మటన్ ఉన్న ఒక ప్లేటు ఇచ్చేది సుమారు 3.4. అంటే స్త్రీకి ఒక్క రోజు అవసరంలో దాదాపు ఎనిమిదో వంతు. మరి మటన్‌కు అంత పేరెందుకు? రెండు కారణాలు ఉన్నాయి. మాంసంలో ఉండే హీమ్ ఐరన్ ఆకుకూరల్లోని ఐరన్ కన్నా చాలా బాగా ఒంటికి పడుతుంది. అంతకన్నా ముఖ్యమైనది రెండోది. మాంసం, చికెన్, చేప ఏదైనా సరే, అదే కంచంలో ఉన్న పప్పు, ఆకుకూరల్లోని ఐరన్‌ను కూడా ఒంట పట్టేలా చేస్తుంది. ఈ సాయం ఆ పూట వరకే. పొద్దున పప్పు తిని రాత్రి మటన్ తింటే ఆ పప్పుకు దక్కదు.

కాబట్టి ఒక్క పూటలో పావుకిలో మటన్ లాగించడం కన్నా, కొద్దిపాటి మటన్‌ను ఆకుకూరతో కలిపి వండడం మేలు. మెంతికూర ఖీమా, తోటకూర మాంసం ఇందుకు చక్కగా సరిపోతాయి. పక్కన పచ్చి ఉల్లిపాయ మీద నిమ్మరసం పిండుకోండి. విటమిన్ సి వేడికి పాడవుతుంది, అందుకే నిమ్మకాయ కూరలో కాకుండా కంచంలో పిండాలి. తిన్న వెంటనే టీ తాగితే ఆకుకూరల ఐరన్ చాలావరకు వృథా. కనీసం గంట ఆగండి.

ఇక పరుగెత్తేవారికి ప్రత్యేకంగా చెప్పాల్సిన విషయం. ఎక్కువ దూరం పరుగెత్తాక లేదా గట్టిగా వ్యాయామం చేశాక, మూడు నుంచి ఆరు గంటల మధ్య కాలేయం నుంచి హెప్సిడిన్ అనే హార్మోన్ ఎక్కువగా వస్తుంది. అది పేగుల నుంచి రక్తంలోకి ఐరన్ వెళ్లే దారిని కొంతసేపు బిగిస్తుంది. ఇప్పుడు మన ఆదివారం సంగతి చూడండి. పొద్దున ఎనిమిదికి లాంగ్ రన్ పూర్తవుతుంది, ఒంటిగంటకు మటన్ భోజనం. వారం మొత్తంలో ఐరన్ సరిగ్గా పట్టని వేళకే వారంలోని మంచి ఐరన్ భోజనం పడుతోంది! అప్పుడు ఐరన్ అసలే పట్టదని కాదు, తగ్గుతుంది. ఎలాగూ ఖరీదు పెట్టి కొంటున్నాం కాబట్టి మటన్‌ను విశ్రాంతి రోజుకు మార్చి, ఆదివారం చికెన్ పెట్టుకోవడం తెలివైన పని. ఇంట్లో అందరూ ఒప్పుకోవడానికి కొంచెం టైమ్ పట్టవచ్చు.

గుండె వైపు నుంచి చూస్తే మటన్‌లో జాగ్రత్త పడాల్సింది కొవ్వు గురించి. మేక కండలో కొవ్వు నిజానికి తక్కువే. కొట్టువాడు తూకంలో కలిపే కొవ్వు ముక్కలతోనే సంతృప్త కొవ్వు పెరుగుతుంది. తొడ మాంసం అడగండి, తెల్లగా కనిపించే కొవ్వు తీసేయమనండి. ఎంత కొవ్వు వచ్చిందో తెలుసుకోవాలంటే కూరను ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఉంచండి. పైన గట్టిగా, తెల్లగా పేరుకునే పొరలో ఎక్కువ భాగం మాంసం కొవ్వే. చెంచాతో తీసేసి వేడి చేసుకుంటే రుచి పెద్దగా తగ్గదు. మొత్తం మీద మటన్, బీఫ్ లాంటి రెడ్ మీట్ వండిన తూకంలో వారానికి 350 నుంచి 500 గ్రాములు దాటకూడదని వరల్డ్ క్యాన్సర్ రీసెర్చ్ ఫండ్ సూచన. సాసేజ్, సలామీ లాంటివి ఎంత తక్కువైతే అంత మంచిది.

బొక్కల సూప్ గురించి కూడా అడుగుతుంటారు. దాన్లో ఐరన్ నామమాత్రం, ప్రొటీన్ ఎక్కువగా నాణ్యత తక్కువైన జెలటిన్. దాన్ని రుచి కోసం తాగండి, మాంసం లెక్కలో వేయకండి.

ఒక లెక్క చేసి చూద్దాం

విశాఖలో ఉద్యోగం చేస్తున్న ఒకామెను అనుకుందాం. బరువు 60 కిలోలు. ఆదివారం లాంగ్ రన్, గురువారం చిన్న పరుగు, మంగళ, శుక్రవారాలు జిమ్, బుధవారం విశ్రాంతి. సోమవారం, శనివారం ఇంట్లో నీచు వండరు.

కిలోకు 1.4 గ్రాముల చొప్పున రోజుకు 84 గ్రాముల ప్రొటీన్ కావాలి. రెండు గుడ్లు, ఒక గిన్నె పప్పు, పెరుగు, ఒక గ్లాసు పాలు, అన్నం, చపాతీలు కలిపితే 56 దాకా వస్తుంది. మిగిలిన 28 గ్రాములను మధ్యాహ్నం లేదా రాత్రి కూర భర్తీ చేయాలి.

ఆదివారం చికెన్. 28 గ్రాములకు ఎముక లేని మాంసం 130 గ్రాములు చాలు. అయితే కూర ముక్కల్లో మూడో వంతు దాకా ఎముకే. అందుకని ఆమె వాటా ఎముకతో 190 గ్రాములు. నలుగురున్న ఇంట్లో కిలో చికెన్ వండితే ఈ వాటా హాయిగా వస్తుంది. చర్మం తీయించడం మరచిపోవద్దు. గురువారం మళ్లీ చికెన్, ఇదే లెక్కలో.

మంగళవారం కవళ్ల పులుసు. తల, పేగులు, ముల్లు పోగా దాదాపు సగమే మిగులుతుంది. 28 గ్రాములకు 300 గ్రాముల కవళ్లు కొనాలి. శుక్రవారం కానాగంతలు, పెనం మీద.

బుధవారం ఎముక లేని మటన్ 120 గ్రాములు తోటకూరతో. ప్రొటీన్ 24 గ్రాములే వస్తుంది, ఆ రోజు విశ్రాంతి కాబట్టి నష్టం లేదు. నెలలో రెండు బుధవారాలు మటన్‌కు బదులు 50 గ్రాముల చికెన్ కార్జం వేసుకోవచ్చు. అందులో 4 మిల్లీగ్రాములకు పైగా ఐరన్, అంటే ఆ మటన్ ముక్కల కన్నా ఎక్కువ. అయితే కార్జంలో విటమిన్ ఏ, కొలెస్ట్రాల్ కూడా ఎక్కువే. గర్భిణులు దూరంగా ఉండాలి. 50 గ్రాములతో ప్రొటీన్ సగం కూడా రాదు, కాబట్టి ఆ రోజు ఇంకో గుడ్డు, గిన్నె సెనగలు చేర్చాలి.

సోమ, శనివారాల్లో 50 గ్రాముల ఎండు మీల్ మేకర్ నానబెట్టి కూర చేస్తే దాదాపు 26 గ్రాముల ప్రొటీన్ వస్తుంది.

ఈ మెనూతో ఆమె రెడ్ మీట్ పరిమితికి చాలా దిగువనే ఉంది, చేప రెండుసార్లు పడింది. ఐరన్ మాత్రం ఇంకా ఎక్కువ భాగం పప్పు, ఆకుకూరల నుంచే రావాలి. మెట్లెక్కినా ఆయాసం రావడం, ఎప్పటి స్పీడ్‌లో పరుగెత్తలేకపోవడం, జుట్టు ఎక్కువగా రాలడం లాంటివి ఉంటే మటన్ పెంచుకుంటూ పోకండి. హిమోగ్లోబిన్‌తో పాటు, ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ బాగున్నా ఫెరిటిన్ తగ్గి ఉండవచ్చు. ఐరన్ మాత్రలు డాక్టర్ చెబితేనే వేసుకోవాలి. కిడ్నీ సమస్య ఉన్నవారికి ఈ ప్రొటీన్ లెక్క వర్తించదు, వాళ్లు కూడా ముందు డాక్టర్‌నే అడగాలి.

మీ అభ్యాసం

ఒక కాగితం మీద ఏడు రోజులు రాయండి. నీచు తినని రోజుల్ని, గట్టి వ్యాయామం ఉన్న రోజుల్ని గుర్తు పెట్టండి. నూనె చేపకు రెండు రోజులు, విశ్రాంతి రోజున మటన్, మిగిలిన వాటిలో చికెన్ నింపండి. ఒక్కో కూరలో మీ ఒక్కరి వాటా ఎముకతో ఎన్ని గ్రాములో పక్కన వేయండి. ఈ వారం కొట్లో ఆ తూకంతోనే కొని, ఇంట్లో నలుగురికీ వడ్డించాక మీ కంచంలోకి నిజంగా ఎంత వచ్చిందో ఆ అంకె పక్కనే రాసి ఉంచండి. వచ్చే పాఠంలో ఆ కాగితం కావాలి.