ఛాతీ, పొట్ట మీద వెంట్రుకలు: ఎంత తీయాలి, ఎంత ఉంచాలి?

సమస్య: నున్నగా గీసేసిన రెండో రోజుకే గుచ్చుకోవడం, దురద, ఎర్రటి పొక్కులు.

మా తమ్ముడికి పెళ్లిలో ఇదే జరిగింది. పీటల మీద పంచె, కండువాతో కూర్చోవాలి కదా అని ముందురోజు రాత్రి రేజర్‌తో మొత్తం గీసేశాడు. తెల్లారేసరికి హోమం వేడి, చెమట, పైన జరీ కండువా రాపిడి, ఛాతీ అంతా మంట.

కారణం: వెంట్రుక కొన సహజంగా సన్నగా ఉంటుంది. రేజర్ అడ్డంగా కోసేస్తుంది కాబట్టి మళ్లీ వచ్చేది మొద్దు కొనతో వచ్చి గుచ్చుకుంటుంది. గీస్తే ఒత్తుగా పెరుగుతుందని అనిపించేదీ ఇందుకే, నిజానికి ఒత్తు ఏమీ మారదు. ఇక ఉంగరాల వెంట్రుకలైతే కొన్ని బయటికి రాకుండా చర్మంలోకే మెలి తిరుగుతాయి, చాలా పొక్కులు అలా వచ్చేవే.

పరిష్కారం: పొక్కులు తగ్గేదాకా రేజర్ పక్కన పెట్టండి. గిల్లొద్దు, పిండొద్దు. గోరువెచ్చని నీళ్లలో తడిపిన గుడ్డను రోజుకు రెండు మూడు సార్లు పది నిమిషాలు వేసి ఉంచండి, వదులుగా ఉండే కాటన్ బట్టలే వేసుకోండి. చీము పట్టి పెరుగుతున్నా, జ్వరం వచ్చినా డాక్టర్‌కి చూపించాల్సిందే.

తర్వాత వాడికి నేను చెప్పింది, ట్రిమ్మర్ చాలు అని. మీకు ఇబ్బంది చెమటా, చొక్కా గుండీల మధ్య నుంచి బయటికి కనిపించడమే అయితే నున్నగా చేసే అవసరమే లేదు, పొట్టిగా ఉంటే సరిపోతుంది. పొడి వెంట్రుకల మీద ముందు ట్రిమ్మర్‌కి తగిలించే 12 మి.మీ. గార్డ్‌తో మొదలుపెట్టి, అద్దంలో చూసుకుని, ఇంకా తగ్గాలనిపిస్తేనే 9, ఆ తర్వాత 6. మా వాడు ఛాతీకి 6 దగ్గర ఆగాడు. కొన మొద్దుగానే ఉన్నా, ఆ పొడవులో వెంట్రుక వంగుతుంది కాబట్టి పెద్దగా గుచ్చుకోదు.

సమస్య: పొట్ట నున్నగా, ఛాతీ గుబురుగా, మధ్యలో గీత గీసినట్టు కనిపిస్తోంది.

కారణం పొడవు ఒక్కసారిగా మారిపోవడం. పొట్టకు ఛాతీ కన్నా ఒక్క సైజు మాత్రమే తగ్గించండి, ఛాతీ 9 అయితే పొట్ట 6. పక్కటెముకలు అయిపోయే చోట చిన్న గార్డ్‌తో కింది నుంచి పైకి వస్తూ మెల్లగా చర్మం నుంచి ఎత్తేయండి, గీత కలిసిపోతుంది. మెడ కింద, భుజాల వైపు కూడా ఇంతే, అక్కడ కాలర్ దగ్గర సరిహద్దు గీసినట్టు తీస్తే చొక్కా విప్పగానే తెలిసిపోతుంది.

సమస్య: గార్డ్ లేకుండా వాడితే తెగింది.

ఎక్కువగా బొడ్డు దగ్గరా, చనుమొనల దగ్గరా తెగుతుంది. చర్మాన్ని చేత్తో లాగి పట్టుకోండి, చనుమొనను వేలితో కప్పేయండి, అక్కడ గార్డ్ తీయకండి.

పెళ్లో, గుడిలో చొక్కా తీసే పనో ఉంటే మూడు నాలుగు రోజుల ముందే చేసుకోండి, ఎక్కడైనా ఎక్కువ తక్కువలు ఉంటే సరిచేసుకునే టైమ్ ఉంటుంది.