గల్లాపెట్టె లెక్కలు, 3వ భాగం: లాభం వచ్చింది, డబ్బేది?

పోయిన భాగంలో ఖాతా పుస్తకం రాయడం నేర్చుకున్నాం కదా, ఈసారి అదే పుస్తకం దగ్గర నాకు మా నాన్న చెప్పిన లెక్క చెప్తా.

మాది ఖమ్మం వైపు పురుగుమందుల కొట్టు, గిరాకీ అంతా పత్తి రైతులే. డిగ్రీ అయ్యాక కొట్లో కూర్చున్న మొదటి ఆగస్టు అది. నెలాఖరుకి లెక్కేశా. 4,00,000 సరుకు తెచ్చాం, మొత్తం 4,60,000కి అమ్మేశాం, అద్దె, కుర్రాడి జీతం, కరెంటు కలిపి 20,000 పోతే 40,000 లాభం. "నాన్నా, కొత్త బండి తీసుకుందామా" అన్నా.

నాన్న ఏం అనకుండా గల్లా సొరుగు లాగి నా ముందు పెట్టి "ఎంతుందో లెక్కపెట్టు" అన్నాడు. బ్యాంకులోది కూడా కలిపితే 2,90,000. డిస్ట్రిబ్యూటర్‌కి మూడు రోజుల్లో 4,00,000 కట్టాలి. నాకు అర్థం కాలేదు, లాభం వస్తే డబ్బు తక్కువెలా పడుద్ది?

"ఇప్పుడు గల్లా లెక్క రాయి, చేతిలోకి వచ్చింది, చేతిలోంచి పోయింది, అంతే రాయాలి" అన్నాడు. నెల మొదట్లో ఉన్నది 1,50,000. అమ్మిన 4,60,000లో నగదు వచ్చింది 1,60,000 మాత్రమే, మిగతా 3,00,000 అరువు. ఖర్చులు 20,000 పోయినయ్. సరిగ్గా 2,90,000.

"నీ లాభం లెక్క తప్పు కాదురా, సరుకు ఇచ్చిన రోజే అమ్మకం రాస్తాం కాబట్టి లాభం ఆగస్టులోనే కనపడుద్ది, కానీ రైతు చేతికి డబ్బు పత్తి తీసి అమ్ముకున్నాకే కదా, అది నవంబర్. మనకిచ్చినోడు 30 రోజులే ఆగుతాడు, మనం మూడు నెలలు ఆగుతాం. ఈ మధ్య గ్యాప్‌ని ఎవరు మోస్తారు?"

మోసింది వడ్డీ అప్పే. తక్కువపడ్డ 1,10,000 రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం, నెలకి 2,200, మూడు నెలలకి 6,600. అంటే నా 40,000 లాభం 33,400 అయింది.

నవంబర్‌లో అంతా తిరగబడింది. అమ్మకాలు పెద్దగా లేవు, ఆ నెల లెక్కలో నష్టమే, కానీ పాత బాకీలు 2,70,000 వసూలై గల్లా నిండింది. అప్పు తీర్చాం. ఇది కొత్త సంపాదన అనుకుని ఖర్చుపెట్టేస్తేనే చాలా కొట్లు దెబ్బతింటయ్, అది ఆగస్టు డబ్బు. రాని 30,000 మాత్రం వచ్చే పంటకి పోయింది, అది ఎప్పటికీ రాకపోతే మా లాభం ఇంకో 30,000 తగ్గి 3,400 మిగులుద్ది.

మీరు చేయాల్సింది: మీ కొట్టు పోయిన నెల లెక్క రెండు పేజీల్లో రాయండి, ఒకటి లాభం, ఒకటి గల్లా. అప్పు తెచ్చిన డబ్బు, అసలు తీర్చిన డబ్బు గల్లా పేజీలోకే వస్తాయి, వడ్డీ రెండింట్లోనూ వస్తుంది. అమ్ముడుపోకుండా అరలో ఉండిపోయిన సరుకు ఎక్కడ రాయాలనేది 4వ భాగంలో.